కొత్త ప్యానెల్ టెస్ట్ రిపోర్ట్‌లో అన్నీ పాస్, మూడో ఏరేటర్ వేస్తే ఆర్‌సీసీబీ పడిపోతోంది

గట్టు_శ్రీను
మాది ఆకివీడు దగ్గరండి, మూడు చెరువులు వనామి వేసేం, చెరువుకి నాలుగు చొప్పున పన్నెండు ఏరేటర్లు, అన్నీ 2 హెచ్‌పీవే. పాత బోర్డు తుప్పు పట్టిపోయిందని మూడు వారాల క్రితం కొత్త ప్యానెల్ పెట్టించేను. స్టార్టర్లన్నీ, అంటే కాంటాక్టర్, ఓవర్‌లోడ్ రిలే, అన్నీ ప్యానెల్ లోపలే ఉంటాయి, డోరు మీద బటన్లు. మెయిన్ 63 యాంప్ ఎంసీసీబీ, చెరువుకొక నాలుగు పోళ్ళ ఆర్‌సీసీబీ, అదే కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు, 40 యాంప్, 100 మిల్లీయాంప్ అని రాసుంది. ప్యానెల్ చేసినాయన మూడు పేజీల రిపోర్ట్ ఇచ్చేడు, పైన కమిషనింగ్ అండ్ టెస్ట్ రిపోర్ట్ అని, ప్రతి లైనుకీ పాస్ అని ముద్ర. ఒక్కటంటే ఒక్కటి ఫెయిల్ లేదు.

ఇక కథ ఏంటంటే ఒకటో చెరువు, మూడో చెరువు బంగారంలా తిరుగుతున్నాయి. రెండో చెరువులో ఒక ఏరేటర్ వేస్తే ఏం లేదు, రెండు వేసినా ఏం లేదు, మూడోది నొక్కగానే ఆర్‌సీసీబీ టప్పుమని పడిపోతోంది. మొన్న తెల్లవారుజామున మూడింటికి నీళ్ళల్లో ఆక్సిజన్, అదే డీవో, పడిపోయి రొయ్య తేలడం మొదలెట్టింది, రెండు ఏరేటర్లతోనే నెట్టుకొచ్చేను, ఇంకాస్తయితే నా పని అయిపోయేది. మా ఊరి ఎలక్ట్రీషియన్ ఆర్‌సీసీబీ తీసేసి డైరెక్ట్ చేసేద్దాం అంటున్నాడు. అన్నీ పాస్ అని రాసిన ప్యానెల్‌కి ఇదేం రోగమండి? బిల్లులో పాతిక వేలు ఇంకా ఇవ్వాలి, ఇవ్వాలా ఆపాలా?

కోనసీమ_కుర్రోడు
ఆపెయ్ అన్నా, అదే పెద్ద టెస్టు 😄

జాయింట్_సత్తిబాబు
కేబుల్ జాయింటేనండి, అనుమానమే లేదు. చెరువులో కేబుల్ తేలుతూ ఉంటాది కదా, జాయింట్‌కి టేపు చుట్టి వదిలేస్తారు, నీళ్ళు దూరి లీకేజీ. మూడో ఏరేటర్ జాయింట్ విప్పి చూడండి, లోపల పచ్చగా చిలుము పట్టుంటాది. మా చెరువులో సరిగ్గా ఇదే.

తాడేపల్లిగూడెం_మిల్లు
ఆర్‌సీసీబీయే పాడయ్యుండొచ్చు, మార్చి చూడండి.

గట్టు_శ్రీను
మార్చేనండి, ఒకటో చెరువుది తెచ్చి రెండోదానికి పెట్టేడు మావోడు. అదీ పడుతోంది. తీసినది ఒకటో చెరువుకి పెడితే శుభ్రంగా ఉంది.

టెస్టింగ్_దీపిక
నేను కాకినాడలో ప్యానెల్స్ టెస్టింగ్ చేస్తానండి, పదకొండేళ్ళుగా ఇదే పని. జాయింట్ విప్పేముందు ఒక్కటి చెప్పండి. మూడో నంబరు ఏరేటర్ వేస్తే పడుతోందా, లేక ఏ మూడు వేసినా మూడోసారి నొక్కినప్పుడు పడుతోందా? రెండూ ఒకటి కాదు. ముందు నాలుగు, మూడు వేసి ఆఖర్న ఒకటి నొక్కి చూడండి.

ఆ రిపోర్ట్ ఫొటో కూడా పెట్టండి, మూడు పేజీలూ. ఆర్‌సీసీబీ మాత్రం తియ్యకండి దయచేసి.

గట్టు_శ్రీను
మేడమ్, చూసేను. ముందు నాలుగు వేసేను, తర్వాత మూడు, రెండూ తిరిగేయి. ఒకటి నొక్కేను, పడింది. మళ్ళీ రెండు, నాలుగు వేసి మూడు నొక్కితే మళ్ళీ పడింది. అంటే ఏదైనా సరే మూడోదానికి పడుతోంది. నేనిన్నాళ్ళూ మూడో నంబరు ఏరేటర్‌ని తిట్టుకుంటున్నాను పాపం.

రిపోర్ట్ ఫొటో ఎక్కడం లేదండి, సిగ్నల్ అంతంతమాత్రం. రెండో చెరువు లైన్లు టైప్ చేస్తున్నాను, మిగతావీ ఇలాగే ఉన్నాయి:

చెరువు 2 ఫీడర్, ఫేజ్‌కీ ఎర్త్‌కీ 200 మెగోమ్, పాస్
చెరువు 2 ఫీడర్, ఫేజ్‌కీ ఫేజ్‌కీ 200 మెగోమ్, పాస్
ఆర్‌సీసీబీ ట్రిప్ టెస్ట్, ఓకే, పాస్
ఫంక్షన్ టెస్ట్, ఓకే, పాస్
హై వోల్టేజ్ టెస్ట్, తట్టుకుంది, పాస్
ఎర్త్ రెసిస్టెన్స్ 1.2 ఓమ్, పాస్

లైన్‌మేన్_రిటైర్డ్
అన్ని ఫీడర్లకీ 200 యేనా? అది కుర్చీలో కూచుని రాసిన రిపోర్ట్ బాబూ. మేం సర్వీసులో ఉన్నప్పుడు ఇలాంటివి బోల్డు చూసేం. చెరువు గట్టు మీద 200 రావడమేంటి, మంచు కురిసిన పొద్దున్న అయిదు వస్తే దండం పెట్టుకోవాలి.

టెస్టింగ్_దీపిక
బాబాయ్ గారూ, సగం మీ మాట నిజమే గానీ దొంగ రిపోర్ట్ అని అప్పుడే అనకండి. ఇన్సులేషన్ కొలిచే డిజిటల్ మెగ్గర్లు కొన్ని 200 దాటితే చూపించవు, దాటిందనే గుర్తు వస్తుంది, రాసేవాడు 200 అని రాసేస్తాడు. కొత్త ప్యానెల్, కేబుల్స్ ఏవీ తగిలించకుండా షెడ్డులో పెట్టి కొలిస్తే అన్ని ఫీడర్లకీ అలా రావడంలో వింత లేదు.

నాకు గుచ్చుకున్నది హై వోల్టేజ్ టెస్ట్ లైను. చెరువు గట్టు మీదికి ఆ టెస్ట్ సెట్టు ఎవరూ మోసుకురారు, అది ఫ్యాక్టరీలో చేసే టెస్టు. శ్రీను గారూ, రిపోర్ట్ మీద తేదీ ఎంతుంది, ప్యానెల్ మీ గట్టుకి ఎప్పుడొచ్చింది?

గట్టు_శ్రీను
రిపోర్ట్ మీద 4వ తారీఖు. ప్యానెల్ లారీ దిగింది 9న. కేబుల్స్ కలిపింది 11న. అయ్య బాబోయ్.

కోనసీమ_కుర్రోడు
పెళ్ళికి ముందే సీమంతం చేసేసేరు

టెస్టింగ్_దీపిక
అదీ సంగతి. మీ చేతిలో ఉన్నది షెడ్డులో ప్యానెల్ ఒక్కదానికీ చేసిన టెస్ట్ షీట్. దాని వరకూ అది నిజమే అయ్యుండొచ్చు. పైన కమిషనింగ్ అనే మాట ఒక్కటే తప్పు. కమిషనింగ్ అంటే మీ గట్టు మీద, మీ కేబుల్స్, మీ మోటార్లు తగిలించేక చేసేది. అది జరగనే లేదు. ఇక 1.2 ఓమ్ అన్నది షెడ్డులో ఉన్న ఏ ఎర్త్ పిట్‌దో మరి, మీది మాత్రం కాదు.

ఇప్పుడు మీ ట్రిప్పింగ్. ఏ మూడు వేసినా పడుతోంది అంటే ఏ ఒక్క మోటారూ, ఏ ఒక్క జాయింటూ దోషి కాదు. ఒక్కో స్టార్టర్ లాగినప్పుడల్లా సమానంగా కొంత లీకేజీ జమవుతోంది, మూడోదానికి గ్లాసు నిండుతోంది. రేపు ఒక పని చేయించండి. మెయిన్ ఆఫ్ చేసి రెండో చెరువు నాలుగు స్టార్టర్లకీ ఓవర్‌లోడ్ కింద మోటారు వైర్లు మూడేసీ విప్పి టేపు చుట్టమనండి. తర్వాత ఆన్ చేసి బటన్లు ఒకటొకటిగా నొక్కండి. మోటారు లేకుండా ఉత్త కాంటాక్టర్లే లాగుతాయి. అప్పుడూ మూడోదానికి పడితే చెరువులో ఉన్నవేవీ కారణం కాదు, తప్పు ప్యానెల్ లోపలే ఉంది.

జాయింట్_సత్తిబాబు
మోటారు లేకపోతే కరెంటే వెళ్ళదు కదండి, ఇంక లీకేజీ ఎక్కణ్ణుంచి వస్తాది? నేనింకా జాయింటే అంటాను.

టెస్టింగ్_దీపిక
కాంటాక్టర్ కాయిల్‌కి వెళ్తుంది కదండి. శ్రీను గారూ, ఆ కాయిల్ మీద 240 అని ఉందా 415 అని ఉందా చూడండి.

అపార్ట్‌మెంట్_ప్రెసిడెంట్
మా భీమవరం అపార్ట్‌మెంట్‌లో కూడా కొత్త ప్యానెల్ పెట్టేరు, లిఫ్ట్ మధ్యలో ఆగిపోతోంది. అది కూడా ఆర్‌సీసీబీ యేనా? అందరి ఇళ్ళల్లో ఎంసీబీలు మార్పించమంటారా?

కోనసీమ_కుర్రోడు
ప్రెసిడెంట్ గారూ ఇది రొయ్యల చెరువండి, మీ లిఫ్టులో రొయ్యలున్నాయా

అపార్ట్‌మెంట్_ప్రెసిడెంట్
అడిగితే తప్పా.

టెస్టింగ్_దీపిక
తప్పేం కాదు గానీ విడిగా పోస్ట్ పెట్టండి, లిఫ్ట్ డ్రైవ్ లీకేజీ కథ వేరు.

గట్టు_శ్రీను
చేయించేను మేడమ్. మోటార్లు విప్పేసి నొక్కితే మొదటిది లాగింది, రెండోది లాగింది, మూడోదానికి టప్. సత్తిబాబు గారూ, జాయింట్ కాదండి. కాయిల్ మీద 240 అని ఉంది.

జాయింట్_సత్తిబాబు
సరే అండి, ఒప్పుకుంటాను. అయినా జాయింట్లు చూసుకోండి.

టెస్టింగ్_దీపిక
240 కాయిల్ అంటే ఒక ఫేజ్, ఒక న్యూట్రల్ కావాలి. మీ మోటార్లు త్రీ ఫేజ్, వాటికి న్యూట్రల్‌తో పనే లేదు. కాబట్టి రెండో చెరువు ఫీడర్‌లో న్యూట్రల్ వాడేది ముఖ్యంగా ఈ నాలుగు కాయిల్సే. ఆర్‌సీసీబీ చేసే పని ఒక్కటే, తనలోంచి వెళ్ళిన కరెంటంతా తనలోంచే తిరిగొచ్చిందా లేదా అని చూసుకోవడం. కాయిల్‌కి ఫేజ్ ఆర్‌సీసీబీ కింద నుంచి తీసి, న్యూట్రల్ మాత్రం ఆర్‌సీసీబీ కంటే ముందున్న మెయిన్ న్యూట్రల్ బార్‌కి కలిపేరనుకోండి, కాయిల్ తాగే కరెంటు వెళ్ళేటప్పుడు ఆర్‌సీసీబీలోంచి వెళ్తుంది, వచ్చేటప్పుడు పక్కదారిన వెళ్ళిపోతుంది. ఆర్‌సీసీబీ లెక్కలో అది పోయిన కరెంటే.

మీ సైజు కాంటాక్టర్ కాయిల్ పట్టి ఉంచడానికి సుమారు 8 వీఏ తీసుకుంటుంది. 240తో భాగిస్తే 33 మిల్లీయాంప్. రెండింటికి 66, మూడింటికి 100. 100 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ 50కీ 100కీ మధ్యలో ఎక్కడైనా పడొచ్చు, మీది 66కి ఓర్చుకుని 100కి పడుతోంది. మీరు చెప్పిన లక్షణం అచ్చం ఇదే. నాలుగు కాయిల్స్ ఆర్ ఫేజ్ మీదే ఉండుంటాయి, అందుకే కూడుతున్నాయి. ఒకటి ఆర్, ఒకటి వై, ఒకటి బి మీద ఉంటే మూడూ కలిసి ఇంచుమించు సున్నా అయిపోయేది, తప్పు అలాగే ఉండిపోయి ఎవరికీ తెలిసేది కాదు.

రెండో చెరువు కాయిల్స్ న్యూట్రల్ వైరు ఎక్కడికి వెళ్తోందో పట్టుకు చూడండి. సన్నటి నల్ల వైరై ఉంటుంది.

లైన్‌మేన్_రిటైర్డ్
అమ్మాయ్, బాగా చెప్పేవు. మరి మెగ్గర్ టెస్ట్‌లో ఇది ఎందుకు దొరకలేదు?

టెస్టింగ్_దీపిక
దొరకదు బాబాయ్ గారూ. స్టార్ట్ బటన్ నొక్కనంత సేపూ కాయిల్ దారి తెగే ఉంటుంది, మెగ్గర్‌కి అది కనపడదు. అలాగే కాంటాక్టర్ లాగనంత సేపూ బస్‌బార్ మీద మెగ్గర్ పెడితే కాంటాక్టర్ పైభాగం వరకే చూస్తుంది, కింద ఉన్న కేబుల్, మోటారు దాని లెక్కలోకే రావు. అందుకే కేబుల్‌ని ఓవర్‌లోడ్ కింద నుంచి విడిగా మెగ్గర్ చెయ్యాలి. వాళ్ళ ఫంక్షన్ టెస్ట్ ఓకే కూడా నిజమే అయ్యుండొచ్చు, ఒక్కో స్టార్టర్‌నీ విడివిడిగా నొక్కి ఆపి ఓకే రాసుంటారు. నాలుగూ ఒకేసారి లాగించి ఉంటే షెడ్డులోనే బయటపడేది.

గట్టు_శ్రీను
మేడమ్ మీకు దండం. నల్ల వైరు దొరికింది. ఒకటో చెరువుకీ మూడో చెరువుకీ ఆర్‌సీసీబీ పక్కన చిన్న న్యూట్రల్ లింక్ ఉంది, కాయిల్స్ వైర్లు దానికే ఉన్నాయి. రెండో చెరువు లింక్‌కి స్క్రూలన్నీ ఇండికేటర్ లైట్లు, మీటర్ వైర్లతో నిండిపోయేయి, కాయిల్స్ వైరు మాత్రం పైకి తీసుకెళ్ళి మెయిన్ బార్‌కి బిగించేరు. ప్యానెల్ చేసినాయనకి ఫోన్ చేస్తే "స్క్రూలు ఖాళీ లేవండి, అదీ న్యూట్రలే ఇదీ న్యూట్రలే కదా" అన్నాడు.

కోనసీమ_కుర్రోడు
"అదీ న్యూట్రలే కదా" అన్నమాట మీద మా వీధిలో రెండు టీవీలు పోయేయి

తాడేపల్లిగూడెం_మిల్లు
ఇంత గొడవెందుకు, ఎర్త్ పిట్ బాగుంటే ఆర్‌సీసీబీ అక్కర్లేదండి. మా మిల్లులో ఓమ్ లోపే ఉంది, బాడీకి కరెంటొస్తే ఎంసీసీబీయే పడిపోతుంది. డెల్టా నేల, రెండడుగులు తవ్వితే నీళ్ళు, పిట్ రీడింగ్ ఎప్పుడూ బాగుంటాది.

టెస్టింగ్_దీపిక
పిట్ రీడింగ్ బాగుంటుంది, నిజమే. కానీ లెక్క చూడండి. మీ పిట్ 1.5 ఓమ్, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరది 1 ఓమ్ అనుకుందాం. 230ని 2.5తో భాగిస్తే 92 యాంప్. 63 యాంప్ ఎంసీసీబీకి 92 అంటే కాస్త ఎక్కువ లోడ్ అంతే, నిమిషాల తరబడి అలాగే కూచుంటుంది. వెంటనే పడాలంటే కొన్ని వందల యాంప్‌లు పోవాలి. ఆ లోగా బాడీ మీద 92 ఇంటూ 1.5, అంటే 138 వోల్టులు.

తాడేపల్లిగూడెం_మిల్లు
ఎంసీసీబీ పడకపోయినా ఓవర్‌లోడ్ రిలే పడుతుందిగా. మూడున్నర యాంప్ మోటారుకి 92 వెళ్తే అది ఊరుకుంటుందా?

టెస్టింగ్_దీపిక
ఆ మాట కరెక్టే, ఒప్పుకుంటున్నాను. మోటారు దగ్గర పూర్తి షార్ట్ అయితే రిలే ఒకటి రెండు సెకన్లలో పడుతుంది. రిలే కంటే ముందు తప్పొస్తే పడదు. అసలు భయం ఇంకోటి. ఏరేటర్ ఫ్రేమ్ నుంచి ప్యానెల్ ఎర్త్ బార్ దాకా వచ్చే వైరు ఉంది చూడండి, ఉప్పు నీళ్ళల్లో దాని లగ్గు తినేస్తుంది. అది తెగిపోయేక మీ పిట్ ఓమ్ ఉన్నా అర ఓమ్ ఉన్నా ఒకటే, ఫ్రేమ్ గాల్లో వేలాడుతున్నట్టే. మనిషి మొలలోతు నీళ్ళల్లో నిలబడి ఫ్రేమ్ పట్టుకుంటే రిలేకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అప్పుడు పడేది ఆర్‌సీసీబీ ఒక్కటే. ఆ వైరు కంటిన్యుటీ లైను రిపోర్ట్‌లో అసలు లేనే లేదు, గమనించేరా?

పాలకొల్లు_రమణ
మరి మనిషికోసమే అయితే 30 మిల్లీయాంప్ కదా పెట్టాల్సింది, 100 ఎందుకు పెట్టేరు?

టెస్టింగ్_దీపిక
మంచి ప్రశ్న. మనిషి ముట్టుకున్నా కాపాడాలంటే 30 యే. నాలుగు మోటార్లకీ తడి కేబుళ్ళకీ కలిపి ఒకే 30 పెడితే ఊరికే పడిపోతుందని 100 పెడుతుంటారు. నన్నడిగితే ఏరేటర్‌కొక 30 పెడతాను, ఖర్చు మాత్రం బాగా పెరుగుతుంది.

లైన్‌మేన్_రిటైర్డ్
ఏరేటర్‌కొకటి పెడితే రైతు పడుకునేదెప్పుడు, రాత్రంతా ఎత్తుకుంటూ కూచోవాలి. 100 పెట్టి ఎర్త్ వైరు నెలకోసారి చూసుకోవడమే మేలు.

పాలకొల్లు_రమణ
నెలకోసారి ఎవరు చూస్తారు బాబాయ్ 🙏

గట్టు_శ్రీను
మేడమ్, నిన్న భీమవరం నుంచి టెస్టింగ్ కుర్రాణ్ణి పిలిచేను, మెగ్గర్, లీకేజీ క్లాంప్, ఆర్‌సీసీబీ టెస్టర్ అన్నీ తెచ్చుకున్నాడు. ముందు మార్చకుండా కొలవమన్నాను, చూద్దామని. రెండో చెరువు ఆర్‌సీసీబీ కింద మూడు ఫేజులూ న్యూట్రలూ నాలుగు వైర్లూ కలిపి క్లాంప్‌లో పెట్టేడు. ఏవీ వెయ్యనప్పుడు 3 మిల్లీయాంప్. ఒకటి వేస్తే 35. రెండు వేస్తే 68. మూడోది పడింది. టెస్టర్‌తో మెల్లిగా పెంచుకుంటూ పోతే ఆర్‌సీసీబీ 82 దగ్గర పడింది, ఒకేసారి 100 ఇస్తే 28 మిల్లీసెకన్లకి పడింది. 300 లోపు పడాలంట. ఆర్‌సీసీబీ పాపం దివ్యంగా ఉంది.

తర్వాత నాలుగు స్క్రూల కొత్త లింక్ వేసి కాయిల్స్ వైరు దానికి మార్చేడు. నాలుగూ వేసేక క్లాంప్‌లో 5. ఐదంటే ఐదే. నేను నమ్మలేక రెండుసార్లు చూపించమన్నాను.

కానీ ఇంకోటి బయటపడింది. కేబుల్స్ ఓవర్‌లోడ్ కింద నుంచి మెగ్గర్ చేస్తే పదకొండు ఏరేటర్లకి 20 నుంచి 60 దాకా వచ్చేయి, రెండో చెరువు నాలుగో ఏరేటర్‌కి మాత్రం 0.6 మెగోమ్. ఒకటికి తక్కువుంటే ఫెయిల్ అన్నాడు. ఏరేటర్ దగ్గర మోటారు విప్పి చూస్తే మోటారుది 50 పైన ఉంది, 0.6 కేబుల్‌దే. లాగి చూస్తే సగంలో టేపు జాయింట్, విప్పితే లోపల పచ్చగా చిలుము.

జాయింట్_సత్తిబాబు
చెప్పేనా లేదా!!! మొదటి రోజే చెప్పేను!!!

కోనసీమ_కుర్రోడు
సత్తిబాబు గారికి పూలదండ పట్రండ్రా

టెస్టింగ్_దీపిక
జాయింట్ ఉందన్నది నిజం, ట్రిప్పింగ్ దానివల్లే అన్నది కాదు సత్తిబాబు గారూ 😊 0.6 మెగోమ్ మీద 240 వోల్టులు పెడితే వెళ్ళేది 0.4 మిల్లీయాంప్. 82కి పడే ఆర్‌సీసీబీకి అదెంత. ఆర్‌సీసీబీకి కనపడకుండా చెడిపోతున్న కేబుల్‌ని మెగ్గర్ ముందే పట్టుకుంది, మెగ్గర్‌కి కనపడని న్యూట్రల్ తప్పుని ఆర్‌సీసీబీ పట్టుకుంది.

తాడేపల్లిగూడెం_మిల్లు
మెగ్గర్ అంటే గుర్తొచ్చింది, మా మిల్లు ప్యానెల్‌లో మెయిన్ బస్‌కి 0.2 వచ్చింది, గుండె ఆగిపోయింది. రెండ్రోజులు బస్‌బార్లన్నీ విప్పి తుడిచేం. తీరా చూస్తే సర్జ్ ప్రొటెక్టర్ తగిలించే మెగ్గర్ చేసేరు. దాని కార్ట్రిడ్జులు లాగేస్తే 200 చూపించింది. 500 వోల్టులు పెట్టగానే అది కండక్ట్ చేసేస్తాదంట.

టెస్టింగ్_దీపిక
అవును, అది దాని డ్యూటీ. మెగ్గర్‌కి ముందు అదీ, డిజిటల్ మీటర్లూ, ఫేజ్ ప్రివెంటర్లూ అన్నీ విప్పాలి. విప్పినవి తిరిగి పెట్టేమని కూడా రిపోర్ట్‌లో ఒక లైను ఉండాలి, చాలామంది కార్ట్రిడ్జులు జేబులో వేసుకుని వెళ్ళిపోతారు.

గట్టు_శ్రీను
జాయింట్ కోసేసి కొత్తగా వేయించేను, రెసిన్ పోసి పైన హీట్ ష్రింక్ వేసేడు. మళ్ళీ మెగ్గర్ చేస్తే 38. ఇప్పుడు తగువేంటంటే ప్యానెల్ చేసినాయన గట్టు మీదికొచ్చేడు, కొత్త రిపోర్ట్ తానే రాసిస్తానంటున్నాడు గానీ 0.6 ఫెయిల్ అన్న లైను వద్దు, బాగైపోయింది కదా నేరుగా 38 పాస్ అని రాసేద్దాం అంటున్నాడు. ఫెయిల్ అని ఉంటే తన పేరు పోతుందంట.

టెస్టింగ్_దీపిక
రెండు లైన్లూ ఉండాలండి. ఫలానా తేదీ, 0.6, ఫెయిల్, కారణం కేబుల్ మధ్యలో జాయింట్, ఏం చేసేరు. దాని కిందే మళ్ళీ తేదీ, 38, పాస్. వచ్చే వానాకాలం అదే కేబుల్ 4కి దిగిందనుకోండి, అప్పుడు ఆ జాయింట్ ఉన్న కేబులే అని మీకు రిపోర్ట్ చూస్తే తెలుస్తుంది. నేరుగా 38 అని రాస్తే అక్కడ జాయింట్ ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు. పైగా జాయింట్ ప్యానెల్ ఆయన వేసింది కాదు, మీ పాత కేబుల్‌ది, ఆయన పేరెందుకు పోతుంది?

న్యూట్రల్ సంగతి కూడా అలాగే రాయించండి. కాయిల్స్ లాగినప్పుడు లీకేజీ మార్చక ముందు ఎంత, తర్వాత ఎంత. ఆర్‌సీసీబీ లైన్‌లో ఓకే అని కాకుండా 82 మిల్లీయాంప్, 28 మిల్లీసెకన్లు అని అంకెలు. ఏ మీటర్‌తో కొలిచేరో దాని సీరియల్ నంబరు. ఎర్త్ పిట్ మీ గట్టు మీద మళ్ళీ కొలవాలి. ఫ్రేమ్ ఎర్త్ కంటిన్యుటీ పన్నెండు ఏరేటర్లకీ విడివిడిగా.

లైన్‌మేన్_రిటైర్డ్
పన్నెండు ఏరేటర్లకీ పడవేసుకుని తిరగాలి ఆ కుర్రాడు, పాపం.

పాలకొల్లు_రమణ
ఫేజ్ సీక్వెన్స్ కూడా రాయించు శ్రీనూ. మాకు షెడ్డు రిపోర్ట్‌లో సీక్వెన్స్ పాస్ అని ఉంది, గట్టు మీద ఇన్‌కమింగ్ కేబుల్ కలిపేటప్పుడు రెండు ఫేజులు తిరగేసేరు, పన్నెండు ఏరేటర్లూ వెనక్కి తిరిగేయి. నీళ్ళన్నీ గట్టు మీదికి కొట్టి మా నాన్న తడిసి ముద్దయ్యేడు.

గట్టు_శ్రీను
😂 రాయిస్తాను. నాన్నగారికి నా సానుభూతి.

మేడమ్ ఒక్క అనుమానం. మార్చక ముందు రెండుసార్లు మాత్రం పొద్దున్నపూట రెండో ఏరేటర్‌కే పడిపోయింది, మూడోదాకా రాలేదు. 68కి పడకూడదు కదా, 82కి కదా పడేది?

టెస్టింగ్_దీపిక
కాంటాక్టర్ లాగే క్షణంలో కాయిల్ పట్టి ఉంచేదానికన్నా చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఓ పదిహేను ఇరవై మిల్లీసెకన్లు. కాంటాక్టర్ ఆ పొద్దున్న కాస్త బద్ధకంగా లాగి ఉంటే దానికే పడి ఉండొచ్చు. మంచు వల్ల ప్యానెల్ లోపల తేమ కూడా కొంత కలిసి ఉండొచ్చు. ఇప్పుడు మార్చేసేం కాబట్టి కొలిచి తేల్చడానికి లేదు. మళ్ళీ ఎప్పుడైనా పొద్దున్నే పడితే మాత్రం ముందు క్లాంప్ పెట్టండి, తర్వాతే ఎత్తి అది ఎంత చూపిస్తోందో చూడండి.

జాయింట్_సత్తిబాబు
పొద్దున్నపూట అంటే జాయింటేనండి.

కోనసీమ_కుర్రోడు
ఇంక ఆపండి బాబూ

గట్టు_శ్రీను
నిన్న రాత్రి నాలుగూ తెల్లార్లూ తిరిగేయి, పొద్దున్న డీవో 4.8 ఉంది. ఎర్త్ కంటిన్యుటీలో పన్నెండింటికి రెండు ఫెయిల్, ఒకటో చెరువులో ఒకటి, మూడో చెరువులో ఒకటి, లగ్గు పట్టుకుని లాగితే చేతికొచ్చేసింది. అంటే ఇన్నాళ్ళూ బంగారంలా తిరుగుతున్నాయనుకున్న చెరువులే. రెండూ కొత్త లగ్గులు వేసేం, రిపోర్ట్‌లో ఫెయిల్ లైన్లూ పాస్ లైన్లూ రెండూ ఉన్నాయి, ప్యానెల్ ఆయన మొహం ముడుచుకునే సంతకం పెట్టేడు. పాతిక వేలల్లో ఇరవై ఇచ్చేను, టెస్టింగ్ కుర్రాడి కూలి అయిదు వేలు ఆయన ఖాతాలోనే అన్నాను. దాని మీద ఇంకా గొడవ నడుస్తోంది.